సీలింగ్ ఫ్యాన్ ఊగినా, గుయ్‌మన్నా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఖమ్మంలో మాది ఫ్యాన్ వైండింగ్ షాపు. మార్చి రాగానే ఫోన్లు మొదలవుతాయి. చలికాలమంతా ఒకటో నంబరు మీద నడిచిన ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఐదుకు వెళతాయి కదా, అప్పటిదాకా దాక్కున్న లోపాలు అప్పుడు బయటపడతాయి. అడిగేవాళ్ళు మారుతుంటారు గానీ అనుమానాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇక్కడ చెప్పేది మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఫ్యాన్ గురించి. 1200 మిల్లీమీటర్లు, అంటే 48 అంగుళాల సైజు, మూడు రెక్కలు, స్లాబు హుక్కుకు రాడ్డుతో వేలాడే రకం.

## పని మొదలుపెట్టే ముందు

ఊగుడూ ఉంది, మోతా ఉంది. లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఫ్యాన్‌ను ఐదులో పెట్టి ఒక నిమిషం తిరగనివ్వండి. తర్వాత స్విచ్ ఆపేసి, చెవి పెట్టి వినండి. స్విచ్ ఆపిన క్షణంలోనే మోత టక్కున ఆగిపోతే అది కరెంటు వల్ల వచ్చే మోత. వైండింగ్, కెపాసిటర్, రెగ్యులేటర్, ఇన్వర్టర్, వీటిలో ఏదో ఒకటి కారణం. స్విచ్ ఆపాక కూడా రెక్కలు తిరిగినంతసేపూ శబ్దం వస్తూ, వేగంతో పాటే తగ్గుతూ పోతే అది వస్తువుకు వస్తువు రాసుకోవడం, కొట్టుకోవడం. అప్పుడు బేరింగ్, కప్పు, బోల్టులు చూడాలి.

ఊగడం ఎప్పుడూ రెండో రకమే. కరెంటుకూ దానికీ దాదాపు సంబంధం ఉండదు. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు, నిచ్చెన ఎక్కే పనీ లేదు. కానీ ఇది చేయకుండానే చాలామంది కెపాసిటర్ మార్పించేసి, ఇంకా ఊగుతోందని మళ్ళీ ఫోన్ చేస్తారు.

కాస్త ఊగితే పర్లేదా? ఎంత ఊగితే టెన్షన్ పడాలి?

హుక్కుకు వేలాడే ఫ్యాన్ గోడ గడియారం లోలకం లాంటిది. కొంచెం కదలడం దాని స్వభావం. ఆన్ చేయగానే రెండు మూడు సార్లు ఊగి సర్దుకోవడం కూడా మామూలే. మోటారు అడుగున ఉండే గుండ్రటి మూత రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుంటే వదిలేయండి. వేలి మందం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఊగుతుంటే చూడాల్సిందే.

కంటికి అంచనా దొరకకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా కింద ఎక్కడైనా ఆనించి పెట్టి, సీలింగ్ మీద ఏదో ఒక గీత వెనక కనిపించేలా తీస్తే తేడా తెలుస్తుంది. ఆ వీడియో దాచుకోండి. ఏదైనా సరిచేశాక మళ్ళీ తీసి పోల్చుకోవచ్చు.

మూడులో ఊగుతుంది, ఐదులో పెడితే ఊగదు. ఇదేం విచిత్రం?

విచిత్రం కాదు. ఉయ్యాలను దాని తాళంలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది. రాడ్డు, మోటారు కలిసి వేలాడే ఈ మొత్తానికి కూడా ఒక సొంత తాళం ఉంటుంది. రెక్కల్లోని చిన్న తేడా ఏదో ఒక వేగంలో ఆ తాళంతో కలిసినప్పుడు ఊగుడు పెరుగుతుంది, వేగం మారితే తగ్గుతుంది. రాడ్డు పొడవు మార్చినప్పుడు ఈ వేగం కూడా మారుతుంది. అయితే రెక్కల్లో తేడా లేకపోతే తోసేది ఏదీ ఉండదు కాబట్టి సరిచేయాల్సింది రెక్కలనే.

స్విచ్ ఆపి ఫ్యాన్ మీద చెయ్యి వేయొచ్చా?

వేయకండి. స్విచ్ ఫేజ్ మీద ఉండాలి గానీ, కొన్ని ఇళ్ళలో వైరింగ్ చేసినప్పుడు న్యూట్రల్ మీద పెట్టేస్తారు. అప్పుడు స్విచ్ ఆపినా ఫ్యాన్ దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. బోర్డులో ఆ గది ఎమ్‌సీబీ దించండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. ఎమ్‌సీబీ దించగానే ఇన్వర్టర్ అందుకుని ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే వైరింగులు ఉన్నాయి. తర్వాత టెస్టరు పెట్టి చూసుకుని పని మొదలుపెట్టండి. రెక్కలు పూర్తిగా ఆగేదాకా నిచ్చెన వేయొద్దు.

## పైభాగం: హుక్కు, రాడ్డు, కప్పులు

ఊగుతోందంటే రెక్కలు చూడాలి కదా, మీరు హుక్కు నుంచి మొదలుపెట్టమంటారేం?

రెక్కలను మిల్లీమీటరు తేడా లేకుండా సర్దినా, పైన బోల్టు వదులుగా ఉంటే ఫ్యాన్ ఊగుతుంది. అది తెలియక బరువులు అంటించి కొంత తగ్గిస్తారు. నెల తిరిగేసరికి ఆ బోల్టు ఇంకాస్త వదులై లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పైనుంచి కిందికి వస్తే ఒకసారి చేసిన పని నిలుస్తుంది. హుక్కు, రాడ్డు, రెక్కలు, ఆఖర్న బరువులు. షాపులో కుర్రాళ్ళకు నేను మొదట నేర్పేది ఈ వరసే.

హుక్కు దగ్గర ఏమేం చూడాలి?

పై కప్పుకు ఉన్న స్క్రూ వదులు చేసి దాన్ని రాడ్డు మీదుగా కిందికి జార్చండి. రాడ్డు పై కొసకు ఇనుప క్లాంపు, దాని మధ్యలో దారపు రీలు ఆకారంలో రబ్బరు బుష్, దాని గుండా ఒక బోల్టు కనిపిస్తాయి. ఆ బుష్ హుక్కు వంపులో కూర్చుని ఉంటుంది. ఫ్యాన్ బరువంతా మోసేది అదే.

ముందు రబ్బరు చూడండి. పదేళ్ళు దాటిన ఫ్యాన్లలో అది ఎండి, పగిలి, ఒక్కోసారి సగం రాలిపోయి ఉంటుంది. అప్పుడు ఇనుము మీద ఇనుము రాసుకుని ప్రతి ఊపుకీ కీచుమంటుంది, మోటారు మోత కూడా నేరుగా స్లాబుకు ఎక్కుతుంది. కొత్త బుష్ ఖరీదు తక్కువే, ఎలక్ట్రికల్ షాపుల్లో విడిగా దొరుకుతుంది. తర్వాత బోల్టుకు నట్టు, ఆ నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ ఉన్నాయో లేదో చూడండి. పిన్ లేకుండా, లేదా పిన్ బదులు వైరు ముక్క చుట్టి వదిలేసిన ఫ్యాన్లు నాకు ఏటా తగులుతుంటాయి. ఫ్యాన్ ఊగే కొద్దీ నట్టు తిరిగి వదులవుతుంది, ఆపడానికి ఉన్నది ఆ పిన్ ఒక్కటే.

చివరికి హుక్కు. బుష్ కూర్చునే చోట గాడి పడి హుక్కు సన్నబడిందా, స్లాబులోకి వెళ్ళే చోట తుప్పు పట్టి పొరలు లేస్తోందా చూడండి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ తుప్పు తొందరగా వస్తుంది. హుక్కు మీద అనుమానం వస్తే ఫ్యాన్ దించేయండి, సరిచేసేదాకా మళ్ళీ ఎక్కించొద్దు.

క్లాంపు బోల్టును బాగా బిగించేస్తే ఊగడం ఆగుతుంది కదా?

ఆగదు, ఒక్కోసారి పెరుగుతుంది. ఫ్యాన్ తనంతట తాను నిటారుగా వేలాడాలంటే హుక్కు దగ్గర కొంచెం కదలిక ఉండాలి. బోల్టును అతిగా బిగిస్తే రబ్బరు నలిగి, క్లాంపు ఒక పక్కకు పట్టేసి, రాడ్డు వాలుగా నిలుస్తుంది. వాలుగా నిలిచిన ఫ్యాన్ ఎంత మంచి రెక్కలున్నా ఊగుతుంది. నట్టు వదులు లేకుండా, రబ్బరు నలగకుండా ఆపి పిన్ వేయండి.

బిగుతుగా ఉండాల్సిన చోటు వేరే ఉంది. రాడ్డు కింది కొస మోటారులోకి దిగే చోట అడ్డంగా ఒక బోల్టు, కొన్ని ఫ్యాన్లలో దానితో పాటు చిన్న స్క్రూ కూడా ఉంటాయి. అక్కడ రవ్వంత ఆట కూడా ఉండకూడదు. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, రెండో చేత్తో మోటారును మెల్లగా ఊపి చూడండి. టక్ టక్ అని చేతికి తెలిస్తే అక్కడ వదులుంది.

పై కప్పును స్లాబుకు ఆనించి పెట్టాలా, కిందికి వదలాలా?

కప్పు ఏ బరువూ మోయదు. హుక్కునీ వైర్లనీ కనపడకుండా మూసే మూత అంతే. దాన్ని అందం కోసం స్లాబుకు అదిమిపెట్టి స్క్రూ బిగిస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. ఫ్యాన్ కొద్దిగా కదిలినా కప్పు అంచు సున్నాన్ని గీకుతుంది. మోటారులోని సన్నటి అదురు కప్పు ద్వారా స్లాబుకు ఎక్కి, గది మొత్తం గుయ్‌మంటున్నట్టు వినిపిస్తుంది. సీలింగ్ మీద కప్పు చుట్టూ నల్లటి గీత పడి ఉంటే అది ఆనుకుంటున్నట్టే.

అంచుకూ స్లాబుకూ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల సందు వదిలి, స్క్రూను రాడ్డు మీదికి బిగించండి. స్క్రూ మరీ వదులైతే కప్పు జారి గలగలమంటుంది. వైర్లు కప్పు గోడకు తగిలి ఒత్తుకోకుండా లోపల సర్దండి.

కర్ కర్ మని గీకినట్టు వస్తోంది, అదీ ఒక తాళంలో. ఏమై ఉంటుంది?

ముందు కింది కప్పును చూడండి. మన ఫ్యాన్లలో రాడ్డు, దాన్ని పట్టుకున్న ఇరుసు కదలవు. తిరిగేది మోటారు పై డొప్ప, దానికి బిగించిన రెక్కలు. కింది కప్పు రాడ్డుకు బిగించి ఉంటుంది కాబట్టి అదీ తిరగదు. అది జారి డొప్ప మీదికి దిగితే తిరిగే డొప్ప దాన్ని గీకుతుంది. కప్పును కాస్త పైకి జరిపి స్క్రూ బిగిస్తే శబ్దం పోతుంది. అప్పటికీ పోకపోతే కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చిన వైరు డొప్పకు తగులుతోందేమో చూడండి. ఇది నిర్లక్ష్యం చేయకూడదు, వైరు మీది తొడుగు అరిగితే డొప్పకే కరెంటు వస్తుంది.

ఫాల్స్ సీలింగ్ వేయించాం. అదే ఫ్యాన్, ఇప్పుడు మోత వస్తోంది. ఎందుకు?

జిప్సం బోర్డు డప్పు తోలు లాంటిది. దానికి కొంచెం అదురు అందినా పెద్దది చేసి వినిపిస్తుంది. రాడ్డు పోయే రంధ్రాన్ని మనవాళ్ళు రాడ్డుకు సరిపోయేంతే కోస్తారు. రాడ్డు కదిలినప్పుడల్లా బోర్డు అంచుకు తగులుతుంది. రంధ్రాన్ని రాడ్డు చుట్టూ వేలు దూరేంత వెడల్పు చేయించండి, కప్పు ఎలాగూ దాన్ని మూసేస్తుంది. కప్పును బోర్డుకు స్క్రూలతో కొట్టించకండి, రాడ్డుకే బిగించండి.

ఇంకొకటి. ఫాల్స్ సీలింగ్ కిందికి దిగినంత మేర పొడుగు రాడ్డు వేయకపోతే రెక్కలు బోర్డుకు దగ్గరైపోతాయి. రెక్కలకూ సీలింగ్‌కూ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు లేకపోతే పైనుంచి గాలి సరిగా అందదు. ఫ్యాన్ బుసకొట్టినట్టు మోగుతుంది, గాలి తక్కువ వస్తుంది, ఒక్కోసారి ఊగుతుంది కూడా. ఇక ఫ్యాన్‌ను బోర్డుకో దాని చట్రానికో వేలాడదీయడం అన్న మాటే వద్దు.

పెంకుటింట్లో దూలానికి కొక్కెం తిప్పి ఫ్యాన్ పెట్టాం. ఊగుతోంది.

చెక్కలో తిప్పిన కొక్కెం కొన్నేళ్ళకు వదులవుతుంది. పట్టుకుని తిప్పితే తిరుగుతోందంటే పని అయిపోయినట్టే. దూలానికి ఆసాంతం రంధ్రం వేసి, పైన పెద్ద వాషరు, నట్టుతో బిగించే బోల్టు హుక్కు వేయించండి.

## రెక్కల దగ్గర

రెక్కలు ఒకే లెవెల్లో ఉన్నాయో లేదో ఇంట్లో ఎలా కొలవాలి?

ఒక టేపు చాలు. నిచ్చెన మీద నుంచి ఒక రెక్క కొస నుంచి సీలింగ్‌కు ఎంత దూరముందో కొలవండి. తర్వాత నిచ్చెన కదపకుండా, ఫ్యాన్‌ను చేత్తో తిప్పి రెండో రెక్కను అదే చోటికి తెచ్చి కొలవండి. మూడోదీ అంతే. మీరు తిరుగుతూ మూడు చోట్ల కొలిస్తే కుదరదు, ఎందుకంటే ఏ స్లాబూ అద్దంలా సమంగా ఉండదు. ప్రతి రెక్కకూ అదే మూలను కొలవాలి. మూడు కొలతల మధ్య తేడా మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే సరే.

ఇది పైకీ కిందికీ ఉన్న తేడా. పక్కకు ఉన్న తేడా కూడా చూడాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఒక రెక్క కొస నుంచి పక్క రెక్క కొసకు దూరం కొలవండి. 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్‌లో అది 104 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అసలు అంకె కన్నా, మూడు దూరాలూ సమానంగా ఉండటం ముఖ్యం. ఒకటి తక్కువై ఒకటి ఎక్కువైతే ఆ రెండిటి మధ్య ఉన్న రెక్క పక్కకు జరిగిందన్నమాట. దాని స్క్రూలు వదులు చేసి, సర్ది, మళ్ళీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

రంగులు వేయించాక ఊగడం మొదలైంది. పెయింటర్లు ఏం చేసి ఉంటారు?

రెక్కలు కలిపేసి ఉంటారు. నా దగ్గరికి వచ్చే ఊగే ఫ్యాన్లలో ఇదే ఎక్కువ, కాబట్టి ఒక ఇంటి సంగతి వివరంగా చెబుతాను. పెళ్ళి పనుల కోసం రంగులు వేయించుకున్న ఇల్లు. హాల్లో, బెడ్రూములో రెండు ఫ్యాన్లు, రెండూ గోధుమ రంగే, వేరు వేరు సంవత్సరాల్లో కొన్నవి. పెయింటర్లు ఆరు రెక్కలూ విప్పి ఒకదాని మీద ఒకటి పెట్టి, పని అయ్యాక చేతికి వచ్చినవి బిగించేశారు. రెండు ఫ్యాన్లూ ఊగుతున్నాయి, హాల్‌లోది మరీ ఎక్కువ.

పైన హుక్కు, రాడ్డు బాగానే ఉన్నాయి. హాల్ ఫ్యాన్ రెక్కలు కొలిస్తే సీలింగ్‌కు దూరం 31.2, 31.3, 32.6 సెంటీమీటర్లు వచ్చింది. మూడో రెక్క 13 మిల్లీమీటర్లు కిందికి ఉంది. వంగిందేమో అనుకుని ఆరూ విప్పి నేల మీద ఒకదాని మీద ఒకటి, రంధ్రాలు కలిసేలా పేర్చాను. మూడు ఒకదానిలో ఒకటి ఒదిగాయి. మిగతా మూడు వాటిలో అవి ఒదిగాయి గానీ, ఈ మూడిటి మీద ఆ మూడు కూర్చోలేదు, మధ్యలో సందు వచ్చింది. అంటే ఏదీ వంగలేదు, రెండు జతల వంపే వేరు. వాళ్ళ వంటింటి కాటా మీద తూస్తే ఒక జత రెక్కలు రెండో జత కన్నా ఒక్కోటి 20 గ్రాముల పైనే బరువున్నాయి. హాల్ ఫ్యాన్‌కు రెండు సొంత రెక్కలు, ఒకటి బెడ్రూముది పడ్డాయి.

ఎవరివి వాళ్ళకు బిగించాక హాల్‌లో కొలతలు 31.2, 31.3, 31.4 వచ్చాయి. బెడ్రూము ఫ్యాన్ నిశ్శబ్దంగా నిలబడింది. హాల్‌ది సన్నగా ఊగుతుంటే మూడు గ్రాముల బరువు ఒకటి అంటించాను. రెక్కలు విప్పే ముందే ప్రతి రెక్క పైవైపు, దాన్ని పట్టే డొప్ప మీద మార్కరుతో ఒకే అంకె వేసి ఉంటే గంటన్నర పని మిగిలేది.

వంగిన రెక్కను చేత్తో సరిచేయొచ్చా?

రెక్కను మోటారుకు కలిపే ఇనుప పట్టీ కొద్దిగా వంగితే చేయొచ్చు. రెక్కను విప్పి, మంచి రెక్క మీద పెట్టి చూస్తూ, కొంచెం కొంచెంగా వంచాలి. ఫ్యాన్ మీద ఉండగా రెక్క కొస పట్టుకుని లాగొద్దు, ఆ బలమంతా బేరింగ్ మీద, రాడ్డు మీద పడుతుంది. అల్యూమినియం రేకు మెలితిరిగి ఉంటే మాత్రం వదిలేయండి. ఆ మెలిక వాలును మార్చేస్తుంది, ఎత్తు సమానంగా కనిపించినా ఆ రెక్క గాలిని వేరేగా తోస్తుంది. కొలతలన్నీ కుదిరినా ఊగుతుంటే చాలావరకు ఇదే.

ఒక్క రెక్క పాడైంది. ఒక్కటే కొనొచ్చా?

మూడూ కలిపి కొనండి. ఫ్యాక్టరీలో రెక్కలను బరువు చూసి జతలుగా పెడతారు. అదే కంపెనీ, అదే మోడల్ అయినా విడి రెక్క ఆ జతకు సరిపోతుందని చెప్పలేం.

దుమ్ము పట్టినందుకు కూడా ఊగుతుందా?

మూడు రెక్కలకూ సమానంగా పడితే ఊగదు. అయితే వంటింటి పక్క గదుల్లో నూనె ఆవిరితో కలిసిన దుమ్ము పెళ్ళలు కడుతుంది, ఒక రెక్క నుంచి పెళ్ళ ఊడితే తేడా వచ్చేస్తుంది. చేయి అందిన రెక్కను మాత్రమే తుడిచి వదిలేసినా అంతే. సబ్బు నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో మూడూ తుడవండి. తుడిచేటప్పుడు రెండో చేత్తో రెక్కను కింద నుంచి పట్టుకోండి. పండగ ముందు ఇల్లు దులిపిన మర్నాడు ఊగే ఫ్యాన్లకు కారణం చీపురు కట్టతో రెక్కను నొక్కడమే.

## బరువులతో సరిచేయడం

నాలుగైదు గ్రాములకే ఫ్యాన్ అంత ఊగుతుందా?

ఊగుతుంది. ఐదో నంబరులో ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుందనుకోండి. ఒక రెక్క మీద, మధ్య నుంచి అర మీటరు దూరంలో ఐదు గ్రాములు ఎక్కువుంటే, అది మోటారును మూడో వంతు కిలో బరువంత బలంతో బయటికి లాగుతుంది. ఆ లాగుడు ఒక దిక్కున ఉండదు, సెకనుకు దాదాపు ఆరుసార్లు గది చుట్టూ తిరుగుతుంది. వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే రెండో నంబరులో లోపం కనిపించదు.

ఏ రెక్కకు, ఎక్కడ అంటించాలో ఎలా తెలుస్తుంది?

ఫ్యాన్ బ్యాలెన్సింగ్ కిట్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులో ఒక ప్లాస్టిక్ క్లిప్పు, వెనక జిగురున్న చిన్న ఇనుప బరువులు ఉంటాయి. రెక్కలకు పెన్సిలుతో 1, 2, 3 అంకెలు వేయండి. క్లిప్పును ఒకటో రెక్క వెనక అంచుకు, పొడవులో సగం దగ్గర పెట్టి ఫ్యాన్ నడపండి. ఊగుడు పెరిగిందా తగ్గిందా రాసుకోండి. ఫ్యాన్ ఆపి, క్లిప్పును రెండో రెక్కకు, తర్వాత మూడో రెక్కకు మార్చి అలాగే చూడండి. ఏ రెక్క మీద ఉన్నప్పుడు బాగా తగ్గిందో అదే తేలిక రెక్క.

ఇప్పుడు ఆ రెక్క మీదే క్లిప్పును ఒకసారి మోటారు వైపు, ఒకసారి కొస వైపు జరుపుతూ నడపండి. కొసకు పోయేకొద్దీ అదే క్లిప్పు ఎక్కువ పని చేస్తుంది. బాగా కుదిరిన చోట గుర్తు పెట్టుకుని, దానికి ఎదురుగా రెక్క పైవైపు, వెడల్పు మధ్యలో ఒక బరువు అంటించి క్లిప్పు తీసేయండి. రెండు రెక్కల మీద ఒకేలా తగ్గితే ఆ రెండిటికీ చెరొకటి అంటించాలి. మొత్తం అరగంట పని, పది పన్నెండు సార్లు ఫ్యాన్ ఆపాలి. విసుగొస్తుంది.

కిట్ లేదు. రూపాయి బిళ్ళ అంటిస్తే సరిపోదా?

బరువు పరంగా సరిపోతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపాయి బిళ్ళలు మూడు నుంచి ఐదు గ్రాముల మధ్య ఉంటాయి, దాదాపు కిట్‌లోని బరువంత. అతికించడమే సమస్య. ఐదో నంబరులో రెక్క కొస గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మామూలు సెల్లో టేపు మే నెల ఎండకు జిగురు వదిలి, ఆ బిళ్ళ ఎటు ఎగురుతుందో చెప్పలేం. పెట్టేటట్టయితే రెక్క పైవైపును స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, రెండువైపులా జిగురున్న ఫోమ్ టేపుతో అంటించి, మీద బిళ్ళ కన్నా బాగా వెడల్పైన టేపు వేయండి. పరీక్ష కోసం బట్టల క్లిప్పులు పెట్టకండి, అవి వేగానికి ఊడొస్తాయి.

రెండు మూడు బరువులు అంటించినా తగ్గలేదు.

అయితే లోపం బరువులో లేదు. ఐదారు గ్రాములతో లొంగని ఊగుడుకు బరువులు పెంచుకుంటూ పోవడం వృథా. అంటించినవన్నీ తీసేసి, రెక్కల ఎత్తులు కొలవండి, రాడ్డు అడ్డబోల్టు పట్టుకుని చూడండి. రెక్కల పట్టీలు మోటారు డొప్పకు బిగే స్క్రూలను కూడా ఒక్కొక్కటీ స్క్రూడ్రైవరుతో తిప్పి చూడండి. పావు చుట్టు వదులు కూడా కొసకు వచ్చేసరికి పెద్ద తేడా అవుతుంది.

## గుయ్‌మనే మోత

అసలు ఫ్యాన్ గుయ్‌మని ఎందుకు అంటుంది?

మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. వైండింగ్‌లోని అయస్కాంతపు లాగుడు ఒక్కో మార్పులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది, అంటే సెకనుకు 100 సార్లు. ఆ లాగుడుకు మోటారు లోపలి రేకులు, చుట్లు సన్నగా అదురుతాయి. రాత్రి నిశ్శబ్దంలో చెవి పెడితే ఏ మామూలు ఫ్యాన్‌లోనైనా అది వినిపిస్తుంది. పగలు, టీవీ నడుస్తుండగా కూడా వినిపిస్తే లోపమున్నట్టు.

రెండులో మూడులో మోగుతుంది, ఐదులో మాత్రం మామూలే.

రెగ్యులేటరే కారణం. గుండ్రంగా ఎక్కడైనా ఆపగలిగే డిమ్మర్ రకం రెగ్యులేటర్లు కరెంటు అలను మధ్యలో కోసి వేగం తగ్గిస్తాయి. ముక్కలైన ఆ అలకు మోటారు గట్టిగా అదురుతుంది. టక్ టక్ మని ఒక్కో మెట్టులో ఆగే, లోపల కెపాసిటర్లున్న రెగ్యులేటర్ పెట్టించండి. అది అలను కోయదు, మోత బాగా తగ్గుతుంది. వెనకటి పెద్ద నల్ల డబ్బా రెగ్యులేటర్లు వేడెక్కేవి, కరెంటు తినేవి గానీ ఈ మోత తెచ్చేవి కావు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే గుయ్‌మంటుంది. ఫ్యాన్ పోయిందా?

ఫ్యాన్‌కేం కాలేదు. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. అది ఇచ్చే కరెంటు అల నునుపుగా కాకుండా మెట్లు మెట్లుగా ఉంటుంది, దానికి ప్రతి ఫ్యాన్ మోగుతుంది, కొంచెం వేడి కూడా ఎక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ మోత ఉండదు. ఇన్వర్టర్ మార్చే ఉద్దేశం లేకపోతే, ఇంటి ఫ్యాన్లన్నీ తెచ్చి వైండింగ్ చేయమనకండి. అలా ఒకాయన నాలుగు ఫ్యాన్లు ఆటోలో వేసుకొచ్చాడు, వెనక్కి పంపాను.

మోగుతోంది, పైగా నెమ్మదిగా తిరుగుతోంది.

కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది. చేత్తో తోస్తే గానీ మొదలవకపోవడం దీని ముదిరిన దశ. ఎక్కువ ఫ్యాన్లలో 2.5 మైక్రోఫారాడ్‌ది, కొన్నిటిలో 3.15ది ఉంటుంది. పాతదాని మీద ఏ అంకె ఉందో అదే వేయాలి. స్పీడు పెరుగుతుందని పెద్దది వేస్తే వైండింగ్ వేడెక్కుతుంది, మోతా పెరుగుతుంది. కెపాసిటర్ కరెంటు ఆపాక కూడా కాసేపు చార్జి పట్టి ఉంచుతుంది, దాని కొసలను చేత్తో ముట్టుకోవద్దు.

బేరింగ్ శబ్దం వస్తోంది. కొబ్బరి నూనె పోస్తే పోతుందా?

రెండు రోజులు పోతుంది. ఆ తర్వాత నూనె లోపలి గ్రీజును కడిగేసి, దుమ్ముతో కలిసి నల్లగా కారి మంచం మీద చుక్కలు పెడుతుంది. ఇప్పటి బేరింగ్‌లు రెండువైపులా మూసి వస్తాయి, బయటి నూనె సరిగా లోపలికి పోదు కూడా. కరెంటు ఆపి రెక్కను మెల్లగా తిప్పండి. ఇసుక మీద నడిచినట్టు చేతికి తెలిసినా, మోటారును పైకి ఎత్తి వదిలితే టక్కుమన్నా బేరింగ్‌లు మార్చాలి. చాలా ఫ్యాన్లలో 6202 నంబరుది ఉంటుంది. రెండూ ఒకేసారి మార్పించండి, మోటారు విప్పే కూలి రెండుసార్లు పడదు.

కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ కూడా కీచుమంటోంది. అందులో వైండింగ్ మోత ఉండదన్నారు.

గోడ మీది పాత రెగ్యులేటర్ దాని దారిలో ఇంకా ఉందేమో చూడండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో వేగాన్ని లోపలి సర్క్యూట్ బోర్డే రిమోట్‌తో సర్దుతుంది. దానికి ముందు రెగ్యులేటర్ ఉంటే బోర్డు మోగుతుంది, కొన్నాళ్ళకు పాడవుతుంది. రెగ్యులేటర్‌ను తప్పించి నేరుగా కలిపించండి. ఐదులో పెట్టి వదిలేస్తే చాలు అనుకోకండి.

## ఆపేయాల్సిన సమయం

ఏం కనిపిస్తే ఫ్యాన్‌ను వెంటనే ఆపేయాలి?

నిన్నటిదాకా మామూలుగా ఉండి ఈ రోజు ఒక్కసారిగా విపరీతంగా ఊగితే ఆపేయండి. ఎవరూ ముట్టుకోకుండా రెక్కల్లో అంత తేడా ఒక్క రాత్రిలో రాదు, పైన ఏదో ఊడింది. హుక్కు చుట్టూ స్లాబు పెచ్చులు రాలినా, కింద నేల మీద నట్టో పిన్ ముక్కో దొరికినా, పై కప్పు ఒక వైపు వాలినా అంతే. కాలిన వాసన వస్తే, లేదా ఫ్యాన్‌ను ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడితే ఎమ్‌సీబీ దించేయండి. మంచం ఫ్యాన్ కింద ఉంటే ఆ రాత్రికి పక్కకు జరపండి. మెకానిక్ వచ్చేదాకా ఒకటో నంబరులో పెట్టుకుని పడుకుంటామని అడుగుతుంటారు. వద్దు, టేబుల్ ఫ్యాన్ తెచ్చుకోండి.